జీఎస్టీ షోకాజ్ నోటీసుకు జవాబు: ఏది ముందు, ఏది వెనక?

నోటీసు వచ్చిందని ఆడిటర్ గారు అంటున్నారు. నాకు కాగితమేదీ అందలేదే?

పోర్టల్‌లో లాగిన్ అయ్యి View Additional Notices/Orders తెరవండి. చాలామంది మామూలు నోటీసుల పేజీ చూసి, ఏమీ లేదని ఊరుకుంటారు. Additional Notices పేజీలో కనబడే డీఆర్‌సీ-01 సారాంశం మాత్రమే. ఆరోపణలు, లెక్కలు దానికి జతచేసిన వివరమైన నోటీసులో ఉంటాయి. ఏ సెక్షన్ కింద ఇచ్చారో, ఏ సంవత్సరానికో, జవాబుకు ఆఖరి తేదీ ఏదో ముందు చూసుకోండి. 2024-25 నుంచి 73, 74 సెక్షన్ల స్థానంలో 74ఏ వచ్చింది. కింద చెప్పేది అంతకు ముందు సంవత్సరాల సంగతి.

జవాబు ఎక్కడ మొదలుపెట్టాలి?

లెక్కతో. సెక్షన్లతోనూ కోర్టు తీర్పులతోనూ మొదలుపెట్టిన జవాబులో అధికారికి కావలసిన అంకె ఏ పదో పేజీలోనో దొరుకుతుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. విజయవాడలో ఒక ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం. 2022-23కి 73వ సెక్షన్ కింద నోటీసు వచ్చింది. 3బి రిటర్నుల్లో తీసుకున్న క్రెడిట్ 18,40,000, 2బిలో కనబడేది 14,80,000, తేడా 3,60,000 కట్టండి అని. జవాబు మొదటి పేజీలోనే ఈ తేడాను విడగొట్టాలి: పాత ఏడాది బిల్లులు 2,40,000, లారీ కిరాయి మీద రివర్స్ చార్జ్ 60,000, సరఫరాదారు చూపని బిల్లు 60,000. కూడితే సరిగ్గా నోటీసులోని అంకె రావాలి. వంద రూపాయలు మిగిలినా దానికీ కారణం రాయండి.

ఒక్కో ముక్కకు ఏం రాయాలి?

ముందు జరిగింది, తర్వాత సెక్షన్, ఆపైన రుజువు. పాత బిల్లుల సంగతే చూడండి. సరుకు 2022 మార్చి చివర్లో బయల్దేరి ఏప్రిల్‌లో దుకాణానికి చేరింది. బిల్లు మార్చి 2బిలో ఉంది కాబట్టి 2022-23 మొత్తంలో కనబడదు. సరుకు అందాకే క్రెడిట్ తీసుకోవాలని 16(2)(బి) చెబుతోంది. 16(4) గడువు 2022 నవంబరు 30, క్రెడిట్ తీసుకున్నది ఏప్రిల్ రిటర్నులోనే. రుజువుగా బిల్లులు, ఈ-వే బిల్లు, లారీ రసీదు, స్టాకు రిజిస్టరు, మార్చి 2బి. వీటితోపాటు మార్చి 3బి కూడా పెట్టాలి. అదే క్రెడిట్ రెండుసార్లు తీసుకోలేదని చూపేది అదే, చాలా జవాబుల్లో లేనిదీ అదే.

లారీ కిరాయిది తేలిక. రిజిస్ట్రేషన్ లేని ట్రాన్స్‌పోర్టు వాళ్లకిచ్చిన కిరాయి 2బిలోకి రాదు. పన్ను మనమే నగదుగా కట్టామని 3బిలోని 3.1(డి) పట్టిక, క్యాష్ లెడ్జరు చూపుతాయి.

సరఫరాదారు చూపని బిల్లు సంగతో? మేం డబ్బు కట్టేశాం కదా!

ఇక్కడ వాదనకు బలం లేదు. 2022 జనవరి 1 నుంచి 16(2)(ఏఏ) ప్రకారం సరఫరాదారు తన రిటర్నులో చూపిన బిల్లుకే క్రెడిట్. సరఫరాదారు ధ్రువపత్రం చాలునన్న సర్క్యులర్లు 2021 డిసెంబరు దాకా ఉన్న కాలానికి సంబంధించినవి. వాటిని ఇక్కడ అతికిస్తే మిగతా జవాబు మీద కూడా నమ్మకం పోతుంది.

ఒప్పుకుని డీఆర్‌సీ-03తో కట్టి, రసీదు జతచేయడమే మేలని నా అభిప్రాయం. ఆ క్రెడిట్ వాడేసుకుని ఉంటే 18 శాతం వడ్డీ కూడా పడుతుంది, మూడేళ్లకు 32,400. క్రెడిట్ లెడ్జరులో నిల్వ ఎప్పుడూ 60,000 కంటే తగ్గకపోతే వాడుకోనట్టే, వడ్డీ లేదు. ఆ లెడ్జరు పేజీలు జతచేయండి.

నోటీసులోని పన్నంతా వడ్డీతో 30 రోజుల్లో కడితే 73(8) ప్రకారం జరిమానా లేకుండా కేసు ముగుస్తుంది. మనం కట్టింది ఒక భాగమే కనుక దానంతట అది ముగియదు. ఆ భాగానికైనా జరిమానా వేయవద్దని అడగాలి. అధికారి ఒప్పుకుంటారన్న హామీ మాత్రం లేదు.

నోటీసు 74వ సెక్షన్ కింద ఉంటే?

అది మోసం, దాపరికం ఆరోపణ. జరిమానా పన్నుకు సమానం. అందుకే లెక్కకు ముందే, ఏ చర్యను మోసమంటున్నారో నోటీసులో చెప్పలేదనో, చెప్పింది రిటర్నుల్లో బాహాటంగానే ఉందనో రాయాలి. మోసం నిలబడకపోతే 75(2) ప్రకారం 73 కిందే తేల్చాలి.

కాగితాలు ఎలా పెట్టాలి?

ప్రతిదానికీ అనుబంధం నంబరు వేసి, పేరాలో ఆ నంబరు, పేజీ రాయండి. ‘బిల్లులు జతచేశాం’ అంటే సరిపోదు. ‘అనుబంధం 2, పేజీ 14’ అని ఉండాలి. జవాబు వెళ్లేది డీఆర్‌సీ-06లో. అందులో వ్యక్తిగత విచారణ కావాలా అన్నచోట అవును అని పెట్టండి, జవాబు చివరి పేరాలోనూ రాయండి. రాతపూర్వకంగా అడిగితే 75(4) కింద విచారణ ఇచ్చి తీరాలి. విచారణలో కొత్త కారణం ఎత్తితే, నోటీసులో లేని కారణం మీద డిమాండు వేయకూడదన్న 75(7)ను గుర్తుచేసి, ఆ మాట రికార్డులో రాయించుకోండి.