లాభం ఎవరికి, కాలుష్యం ఎవరికి?

కాలుష్య నియంత్రణకు చట్టం అడిగినదానికన్నా, కంపెనీ ప్రయోజనానికి కావలసినదానికన్నా ఎక్కువ ఖర్చు చేసే మేనేజరు వాటాదారుల సొమ్మును ఇతరుల కోసం వెచ్చిస్తున్నట్లేనని 1970లో మిల్టన్ ఫ్రీడ్‌మన్ వాదించారు. ఇది షేర్‌హోల్డర్ దృక్పథం. ఆర్. ఎడ్వర్డ్ ఫ్రీమన్ 1984లో స్టేక్‌హోల్డర్ దృక్పథాన్ని విస్తరించారు. దాని ప్రకారం కంపెనీ నిర్ణయాలు తాకే ఉద్యోగులు, వినియోగదారులు, చుట్టుపక్కల ఊళ్లు కూడా లెక్కలోకి వస్తారు.

ఉదాహరణకు, పటాన్‌చెరులో సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రం వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. అప్పటికి మన ప్రమాణాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితి లేదు. కాబట్టి చట్టమే కొలతైతే కంపెనీ అదనంగా ఖర్చుపెట్టనక్కర్లేదు. మందుకు లొంగని బ్యాక్టీరియా ముప్పు మాత్రం దిగువ ఊళ్లది, వాళ్లకు వాటాలూ లేవు, ఓటూ లేదు. చట్టంలో ఖాళీ ఉన్నచోట ఫ్రీడ్‌మన్ వాదం నిలవదనే నా అభిప్రాయం. అయితే ఆయన నైతిక ఆచారాలనూ పాటించాలన్నారు, పరీక్ష రాసే అభ్యర్థులు దీన్ని తరచూ వదిలేస్తారు.

కంపెనీల చట్టం, 2013లోని సెక్షన్ 166(2) డైరెక్టర్ల బాధ్యతలో వాటాదారులతోపాటు ఉద్యోగులను, సమాజాన్ని, పర్యావరణ రక్షణను చేర్చింది. దీన్ని సెక్షన్ 135లోని 2 శాతం సీఎస్‌ఆర్‌తో కలపకండి. సొంత వ్యర్థాల శుద్ధి ఖర్చు సీఎస్‌ఆర్ కాదు.