బట్టతలకు రెండు మందులు: ఒక చర్మవైద్యుడి అనుభవ పాఠాలు

చర్మవ్యాధుల వైద్యుడిగా నా దగ్గరికి వచ్చిన కుర్రాళ్లలో చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే. "ఫినాస్టరైడ్ వాడుతున్నాను డాక్టర్ గారూ, డుటాస్టరైడ్ ఇంకా బాగా పనిచేస్తుందట కదా, మారిపోనా?" దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పడం తేలికే. అలా చెప్పి నేను పొరపాటు చేసిన రోజులూ ఉన్నాయి. అందుకే ఇప్పుడు నిదానంగా చెబుతున్నాను.

1. రెండు మందుల గురి ఒక్కటే, పట్టు వేరు.

మగవాళ్లలో వంశపారంపర్యంగా వచ్చే బట్టతలకు కారణం డీహెచ్‌టీ అనే హార్మోను. ఒంట్లోని టెస్టోస్టిరాన్‌ను ఒక ఎంజైము డీహెచ్‌టీగా మారుస్తుంది. అది నుదుటి మీదా నడినెత్తిమీదా ఉన్న కుదుళ్లను ఏటికేడు చిన్నవి చేస్తుంది. ఆ ఎంజైములో రెండు ముఖ్యమైన రకాలున్నాయి. ఫినాస్టరైడ్ ప్రధానంగా రెండో రకాన్ని ఆపుతుంది, డుటాస్టరైడ్ రెంటినీ ఆపుతుంది. అందుకే రోజూ 1 మి.గ్రా. ఫినాస్టరైడ్ వేసుకుంటే రక్తంలో డీహెచ్‌టీ దాదాపు 70 శాతం తగ్గుతుంది. 0.5 మి.గ్రా. డుటాస్టరైడ్‌తో 90 శాతానికి పైగా తగ్గుతుంది. ఈ అంకెలు చూసి నేనూ మొదట్లో ముచ్చటపడ్డాను. కానీ రక్తంలో తగ్గినంతా తలమీద జుట్టుగా మొలవదు.

2. అదనపు లాభం నిజమే, దాని కొలత తెలుసుకోవాలి.

2014లో ప్రచురితమైన ఒక పెద్ద పరీక్షలో 917 మంది మగవాళ్లకు 24 వారాలపాటు ఈ మందులు ఇచ్చి చూశారు. తలమీద అంగుళం వెడల్పున్న గుండ్రటి చోట వెంట్రుకలు లెక్కపెట్టారు. డుటాస్టరైడ్ 0.5 మి.గ్రా. వాడినవాళ్లకు సగటున 90 వెంట్రుకల దాకా పెరిగాయి, ఫినాస్టరైడ్ 1 మి.గ్రా. వాడినవాళ్లకు 56 దాకా పెరిగాయి. మందులేని మాత్ర మింగినవాళ్లకు ఓ అయిదు తగ్గాయి. అంటే రెండూ పనిచేశాయి, రెండోది ఇంకాస్త ఎక్కువ పనిచేసింది. ఆ తేడా అద్దంలో కనిపించేది నడినెత్తిమీద సన్నబడ్డ జుట్టు ఇంకా మిగిలి ఉన్నవాళ్లకే. ఏళ్ల తరబడి నున్నగా మెరుస్తున్న చోట ఏ మాత్రా జుట్టు మొలిపించలేదు. మానేస్తే వచ్చిన లాభం ఏడాదిలో దాదాపుగా పోతుంది. అది రెంటికీ వర్తిస్తుంది.

3. మొదటి మందు ఓడిపోయిందో లేదో తేల్చుకున్నాకే రెండోది.

"పనిచేయడం లేదు" అని వచ్చినవాళ్లలో కొందరికి మాత్ర మొదలుపెట్టి మూడు నెలలే అయ్యుండేది. మొదటి నెలల్లో పాత వెంట్రుకలు రాలి కొత్తవాటికి దారి ఇవ్వడం మామూలే. ఆరు నెలలకు కాస్త తెలుస్తుంది, ఏడాదికి గానీ తీర్పు చెప్పకూడదు. ఇంకొందరికి రెండు మూడు నెలల క్రితం డెంగీయో టైఫాయిడో వచ్చి ఉండేది. అలాంటి జ్వరం తర్వాత తలంతా సమానంగా జుట్టు ఊడుతుంది, దానంతటదే తిరిగి వస్తుంది. డెర్మోస్కోపు పెట్టి చూస్తే ఆ తేడా తెలిసిపోతుంది. బట్టతలలో పక్కపక్కనే ఒక వెంట్రుక దళసరిగా, ఇంకోటి దూదిపోగులా కనిపిస్తుంది. జ్వరం తర్వాతి రాలుడులో అన్నీ ఒకే మందంలో ఉంటాయి. ఇవన్నీ చూశాక, ఏడాదిపాటు క్రమం తప్పకుండా ఫినాస్టరైడ్ వాడినా నడినెత్తి ఇంకా పలచబడుతుంటే, ఆ మందుతో ఇబ్బందులేవీ రాకపోతే, దగ్గర్లో పిల్లల ఆలోచన లేకపోతే, అప్పుడే డుటాస్టరైడ్ మాట ఎత్తేవాణ్ని. దక్షిణ కొరియా 2009లో, జపాన్ 2015లో దీన్ని బట్టతలకు అనుమతించాయి. అమెరికాలో మాత్రం అనుమతి ప్రోస్టేట్ వాపుకే, జుట్టుకు డాక్టర్లు తమ విచక్షణతో రాస్తారు.

4. డుటాస్టరైడ్ ఒంట్లోకి రావడం తేలిక, పోవడమే ఆలస్యం.

ఫినాస్టరైడ్ మానేస్తే రక్తంలో ఉన్నది అయిదారు గంటలకోసారి సగమవుతూ పోతుంది. డుటాస్టరైడ్ సగం కావడానికి దాదాపు అయిదు వారాలు పడుతుంది. మానేసిన నాలుగు నుంచి ఆరు నెలల దాకా రక్తంలో దాని జాడ ఉంటుంది. వెళ్లమన్నా కదలని చుట్టం అది. ఈ సంగతి నాకు తెలుసు, అయినా ముప్పై దాటిన ఒక అబ్బాయికి రాసేటప్పుడు అడగాల్సింది అడగలేదు. ఫినాస్టరైడ్ చాల్లేదని వచ్చాడు, మార్చాను, జుట్టు ఒత్తుగా అయింది. ఏడాది తర్వాత భార్యాభర్తలిద్దరూ పిల్లల కోసం ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లారు. వీర్యపరీక్షలో కణాల సంఖ్య మి.లీ.కు 1.2 కోట్లు వచ్చింది. కనీస హద్దు 1.6 కోట్లు. ఆరోగ్యవంతులైన మగవాళ్లలో ఏడాది డుటాస్టరైడ్ వాడాక వీర్యకణాల సంఖ్య సగటున 23 శాతం తగ్గిందని, మందు ఆపిన ఆరు నెలలకూ పూర్తిగా కోలుకోలేదని ఆ మందు సమాచార పత్రంలోనే ఉంది. చాలామందికి ఆ తగ్గుదల లెక్కలోకి రాదు. ముందే హద్దు దగ్గర ఉన్నవాళ్లకు మాత్రం వస్తుంది. ఆ అబ్బాయి ముందునుంచీ హద్దు దగ్గరే ఉన్నాడా అన్నది చెప్పలేకపోయాను, ఎందుకంటే మొదలుపెట్టే ముందు పరీక్ష చేయించలేదు. మందు ఆపించాను. నెలలు గడిచాక సంఖ్య హద్దు దాటింది, తర్వాత పాప పుట్టింది. కానీ మధ్యలో ఆ దంపతులు పడ్డ ఆందోళన ఒక్క ప్రశ్నతో తప్పిపోయేది. ఆ తర్వాత పిల్లలు కావాలనుకునే ఎవరికీ నేను దీన్ని రాయలేదు.

5. దుష్ప్రభావాన్ని దాచకూడదు, బూచిగానూ చూపకూడదు.

కోరిక తగ్గడం, అంగస్తంభన సరిగా లేకపోవడం, వీర్యం పరిమాణం తగ్గడం రెండు మందులతోనూ కొద్దిమందికి వస్తాయి. 2014 నాటి పరీక్షలో ఈ ఇబ్బందుల విషయంలో రెంటికీ పెద్ద తేడా కనిపించలేదు. తేడా ఎక్కడంటే, ఇబ్బంది వచ్చాక మందును ఒంట్లోంచి పంపేయడంలో. ఒకటి రోజుల్లో పోతుంది, ఇంకోటి నెలలు తీసుకుంటుంది. మానేశాక కూడా ఇబ్బంది పోలేదని చెప్పేవాళ్లు కొందరున్నారు, వాళ్ల మాట కొట్టిపారేయకూడదు. రొమ్ము దగ్గర నొప్పిగానీ గడ్డగానీ తగిలితే వెంటనే చూపించుకోవాలి. ఫినాస్టరైడ్‌తో ఆత్మహత్య ఆలోచనలు రావచ్చని యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2025లో నిర్ధారించింది, డుటాస్టరైడ్ విషయంలోనూ జాగ్రత్తపడమంది. అందుకే మీలో దిగులు పెరిగితే గమనించి చెప్పమని ఇంట్లో ఒకరికి ముందే చెప్పి ఉంచండి. ఇదివరకే మానసిక కుంగుబాటుకు చికిత్స తీసుకుని ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పాకే మొదలుపెట్టండి.

6. మాత్ర ఒకరిదైనా జాగ్రత్త ఇంటిల్లిపాదిదీ.

డుటాస్టరైడ్ క్యాప్సూల్లో నూనెలాంటి ద్రవం ఉంటుంది. కొరక్కుండా, విప్పకుండా మింగాలి, లేకపోతే నోరూ గొంతూ మండుతాయి. అది చర్మం గుండా కూడా ఇంకుతుంది. గర్భిణికి తగిలితే కడుపులోని మగబిడ్డ జననాంగాల ఎదుగుదల దెబ్బతినే ప్రమాదం ఉంది కాబట్టి, కారుతున్న క్యాప్సూల్‌ను ఆమె ముట్టుకోకూడదు, పొరపాటున తగిలితే వెంటనే సబ్బునీళ్లతో కడుక్కోవాలి. ఇదే కారణంగా డుటాస్టరైడ్ మానేసిన ఆరు నెలల దాకా, ఫినాస్టరైడ్ అయితే నెల దాకా రక్తదానం చేయకూడదు. యాభై దాటినవాళ్లకు ఇంకో మాట. రెండు మందులూ పీఎస్‌ఏ అంకెను దాదాపు సగానికి దించేస్తాయి. రిపోర్టులో 2.4 అని ఉంటే డాక్టరు దాన్ని 4.8గా చదవాలి. మీరు ఈ మాత్ర వాడుతున్నట్టు ఆయనకు తెలియకపోతే 2.4 చూసి బాగుందని పంపేస్తాడు, ప్రోస్టేట్ క్యాన్సర్ తొలి జాడ దొరక్కుండా పోవచ్చు. కాబట్టి ఏ డాక్టరు దగ్గరికి ఏ జబ్బుతో వెళ్లినా, వాడే మందుల జాబితాలో జుట్టు మాత్ర పేరు కూడా చెప్పండి.