తిరగేసిన లబ్ధంలో అవే ఐగెన్ విలువలు

డిగ్రీ, పీజీ పిల్లలకు మాత్రికలు చెప్పి రిటైరైనవాణ్ణి. AB, BA రెండూ ఒకటి కావని మొదటి వారంలోనే బోర్డు మీద రాస్తాం. కొన్నాళ్లు పోయాక, వాటి శూన్యేతర ఐగెన్ విలువలు మాత్రం ఒకటేనని చెబుతాం. పిల్లలు రెండూ రాసుకుంటారు. రెండో మాట ఎందుకు నిజమో అడిగితే చాలామంది నిర్ధారకాల వైపు పరుగెత్తుతారు. అంత దూరం పోనక్కరలేదు. ఈ పాఠం చెప్పబోయే కొత్త లెక్చరర్లకు పనికొస్తాయని నాకు తోచిన సంగతులు ఇవి.

1. మొదటి ఉదాహరణ దీర్ఘచతురస్ర మాత్రికలతోనే వేయండి.

రెండూ 2×2 తీసుకుంటే, ఏదో పోలిక ఉండి విలువలు కలిశాయిలే అని పిల్లలు సరిపెట్టుకుంటారు. A 2×3, B 3×2 అయితే AB 2×2 అవుతుంది, BA 3×3 అవుతుంది. రెండూ సమానమా కాదా అని అడగడానికే వీల్లేదు. అలాంటివాటిలో ఒకే సంఖ్యలు కనబడినప్పుడు "ఎందుకు?" అనే ప్రశ్న దానంతటదే పుడుతుంది. నేను వేసే జత ఇది:

```
A = | 1 0 1 |      B = | 3 0 |
    | 0 1 1 |          | 1 2 |
                       | 1 1 |

AB = | 4 1 |      BA = | 3 0 3 |
     | 2 3 |           | 1 2 3 |
                       | 1 1 2 |
```

AB జాడ 7, నిర్ధారకం 10. కాబట్టి λ² − 7λ + 10 = 0, విలువలు 5, 2. BA వైపు చూస్తే జాడ మళ్లీ 7. నిర్ధారకం సున్న. ప్రధాన వికర్ణం మీద కూర్చునే 2×2 నిర్ధారకాలు మూడూ 6, 3, 1. వాటి మొత్తం 10. సమీకరణం λ³ − 7λ² + 10λ = 0. విలువలు 5, 2, 0. ఈ రెండు లెక్కలూ పిల్లల చేతే చేయించండి. ఒక λ ఎక్కువ తగిలింది తప్ప మిగతాదంతా అదే సమీకరణమని వాళ్లే చూస్తారు.

2. సంఖ్యను పక్కనపెట్టి సదిశ వెంట నడవండి.

అసలు కారణమంతా ఇక్కడే ఉంది. 5కు AB ఐగెన్ సదిశ v = (1, 1). ఇది రెండు అంకాల సదిశ, BA పనిచేసేదేమో మూడు అంకాల మీద. v ని అటు చేర్చగలిగినది మన దగ్గర ఒక్కటే ఉంది, అది B. చేర్చి చూద్దాం: w = Bv = (3, 3, 2). దీని మీద BA ప్రయోగిస్తే (15, 15, 10) వస్తుంది. అంటే సరిగ్గా 5w. అలాగే 2కు v = (1, −2); Bv = (3, −3, −1); దాని మీద BA పనిచేస్తే (6, −6, −2).

ఇది యాదృచ్ఛికం కాదనడానికి కుండలీకరణాల స్థానం మారిస్తే చాలు. ABv = λv అనుకోండి. (BA)(Bv) = B(ABv) = B(λv) = λ(Bv). మాత్రికా గుణకారంలో సాహచర్యం ఉంది కాబట్టి ఇది జరిగింది. విలోమాలు అడగలేదు, పరిమాణాలు అడగలేదు, నిర్ధారకం ఊసే లేదు.

రుజువు పూర్తయిందని చాక్‌పీసు కింద పెట్టకండి. ఐగెన్ సదిశ అనిపించుకోవాలంటే Bv శూన్య సదిశ కాకూడదు. λ సున్న కాదన్న షరతు పనికొచ్చేది ఇక్కడే, ఇక్కడ ఒక్కచోటే. Bv శూన్యమైతే A(Bv) కూడా శూన్యమే. కానీ A(Bv) = λv; λ సున్న కాదు, v శూన్యం కాదు. కాబట్టి Bv శూన్యం కావడానికి వీల్లేదు. మన ఉదాహరణలో A(3, 3, 2) = (5, 5), అంటే 5v. B అవతలి ఒడ్డుకు దాటిస్తుంది, A వెనక్కి తెస్తుంది, తెచ్చేటప్పుడు λ రెట్లు చేసి తెస్తుంది. ఆ λ తో భాగించగలిగినంత కాలం దారిలో ఏదీ పోలేదన్నమాట.

ఇందులోంచే మరొకటి ఉచితంగా వస్తుంది. శూన్యేతర λ కు AB వైపు ఎన్ని స్వతంత్ర ఐగెన్ సదిశలున్నాయో BA వైపు కూడా అన్నే ఉంటాయి. ఆ ఐగెన్ అంతరాళం మీద B కు విలోమంగా A/λ పనిచేస్తోంది కదా.

పరీక్ష పేపర్లలో తరచుగా కనబడే పొరపాటు ఒకటుంది: విలువలు ఒకటే గనక సదిశలూ ఒకటేనని రాసేయడం. 2×3 ఉదాహరణ వేసిన తరగతిలో ఈ పొరపాటు తక్కువ. రెండు అంకాల సదిశ, మూడు అంకాల సదిశ ఒకటెలా అవుతాయి?

3. సున్న దగ్గర ఆగి, అక్కడేం జరుగుతుందో చూపించండి.

BA కు వచ్చిన ఆ అదనపు సున్న ఎక్కడిది? u = (1, 1, −1) మీద A ప్రయోగిస్తే (0, 0). మూడు అంకాలను రెండుగా కుదించే A ఏదో ఒక శూన్యేతర సదిశను మింగి తీరాలి. BA కూడా దాన్ని మింగుతుంది. అందుకే పెద్ద వైపు సున్న తప్పదు. ఇక్కడ AB కు సున్న లేదు, BA కు ఉంది. సిద్ధాంతంలో "శూన్యేతర" అన్న మాటను తీసేస్తే తప్పవుతుందనడానికి ఇదే సాక్ష్యం.

రెండూ ఒకే పరిమాణపు చతురస్ర మాత్రికలైతే సున్న కూడా అన్నిసార్లే వస్తుంది. అంతమాత్రాన అవి సరూప మాత్రికలు కానక్కరలేదు. A మొదటి అడ్డు వరుస 0 1, రెండోది 0 0. B మొదటి అడ్డు వరుస 1 0, రెండోది 0 0 అనుకోండి. AB శూన్య మాత్రిక. BA మాత్రం A యే, శూన్యం కాదు. రెండింటికీ ఐగెన్ విలువలు 0, 0. సున్న దగ్గర జోర్డాన్ గళ్ల పరిమాణాలు ఇలా తేడాపడవచ్చు. ఎంతవరకు అంటే, జతపరిచిన గళ్ల మధ్య తేడా ఒకటికి మించదు. దీన్ని హార్లీ ఫ్లాండర్స్ 1951లో నిరూపించాడు.

4. BA = A⁻¹(AB)A అని రాసే విద్యార్థిని ఆపకండి, A⁻¹ ఎక్కడిదో అడగండి.

A కు విలోమం ఉంటే ఆ ఒక్క వరుసతో పని ముగుస్తుంది. 2×3 మాత్రికకు ఆ దారి లేదు. రెండో అంశంలోని నడక విలువలను కలిపింది గానీ, సమీకరణంలో ఒక మూలం ఎన్నిసార్లు పునరావృతమవుతుందో పూర్తిగా చెప్పలేదు. అది కావాలంటే నాకు నచ్చిన దారి ఇది. m×n A కు, n×m B కు, రెండింటినీ m+n పరిమాణంలో ఇమిడ్చి రాయండి:

```
| AB 0 | | I A |   | I A | | 0  0 |
| B  0 | | 0 I | = | 0 I | | B BA |
```

రెండు వైపులా గుణించి చూడండి. రెండూ పైన AB, ABA; కింద B, BA అవుతాయి. మధ్యలో ఉన్న I, A, 0, I మాత్రికకు ఎప్పుడూ విలోమం ఉంటుంది, ఎందుకంటే దాని నిర్ధారకం 1. కాబట్టి సమీకరణానికి రెండు కొసల్లో ఉన్న పెద్ద మాత్రికలు రెండూ సరూపాలు, వాటి లాక్షణిక బహుపదులు ఒకటే. ఒకదాని ఐగెన్ విలువలు AB వి, n సున్నలు. రెండోదానివి BA వి, m సున్నలు. అంటే:

λⁿ · det(λI − AB) = λᵐ · det(λI − BA)

మన ఉదాహరణలో m = 2, n = 3. ఎడమ వైపు λ³ రెట్లు, కుడి వైపు λ² రెట్లు. BA సమీకరణంలో తేలిన ఆ ఒక్క అదనపు λ లెక్క ఇదే.

5. అడ్డు వరుసను నిలువు వరుసతో గుణించండి.

A ఒక అడ్డు వరుస (4, 5, 6), B ఒక నిలువు వరుస (1, 2, 3). AB ఒక్క సంఖ్య, 4 + 10 + 18 = 32. BA తొమ్మిది అంకాల 3×3 మాత్రిక. దాని ఐగెన్ విలువలు లెక్క లేకుండానే తెలిసిపోయాయి: 32, 0, 0. దీనికి లాక్షణిక సమీకరణం విప్పి పేజీ నింపిన విద్యార్థికి నేను మార్కులు వేశాను, కానీ సంతోషంగా కాదు.

ఆ లబ్ధం సున్న అయ్యేలా, ఉదాహరణకు (1, 1, −1), (1, 2, 3) తీసుకుంటే BA శూన్యం కాదు గానీ విలువలన్నీ సున్నలే. కంప్యూటర్ మీద ఇలాంటి మాత్రికకు 10⁻⁸ స్థాయి విలువలు కనబడవచ్చు. గుండ్రింపు దోషం 10⁻¹⁶ అయినా, రెండు పరిమాణపు జోర్డాన్ గడి దాని వర్గమూలమంత దోషాన్ని బయటికి చూపిస్తుంది. అవి శూన్యేతర విలువలని భ్రమపడకుండా AB అనే ఆ ఒక్క సంఖ్యను చూసుకోండి.

6. ఉపయోగం ఏమిటని అడిగితే ముఖాల లెక్క చెప్పండి.

ముఖాలను గుర్తించడానికి మాథ్యూ టర్క్, అలెక్స్ పెంట్లాండ్ 1991లో ప్రచురించిన ఐగెన్‌ఫేసుల పద్ధతి చాలామంది విన్నదే. 256×256 బొమ్మలో 65,536 పిక్సెళ్లు. 16 బొమ్మలను నిలువు వరుసలుగా పేరిస్తే, సగటు ముఖాన్ని తీసేశాక, A 65,536×16 మాత్రిక. కావలసినవి AAᵀ ఐగెన్ సదిశలు. ఆ మాత్రికలో 400 కోట్లకు పైగా అంకాలుంటాయి. తిరగేసిన AᵀA 16×16, అంకాలు 256. చిన్నదాని ఐగెన్ సదిశ v కనుక్కుని Av కడితే పెద్దదాని ఐగెన్ సదిశ వచ్చేస్తుంది. రెండో అంశంలో మనం నడిచిన నడకే ఇది.

ప్రోగ్రాం రాసేవాళ్లు తప్పే చోట్లు రెండున్నాయి. v పొడవు 1 అయినా Av పొడవు 1 కాదు, √λ అవుతుంది. దాంతో భాగించడం మరిచిపోతే బొమ్మల ప్రక్షేపాలన్నీ వేర్వేరు కొలబద్దలతో వస్తాయి. రెండోది, సగటు తీసేసిన తర్వాత 16 నిలువు వరుసల మొత్తం సున్న, కాబట్టి శూన్యేతర విలువలు 15కు మించవు. పదహారోది కంప్యూటర్‌లో చిల్లర సంఖ్యగా తేలుతుంది. దానికి వచ్చిన Av ని √λ తో భాగిస్తే ఆ చెత్త సదిశ పొడవు పెంచుకుని ముఖంలా కూర్చుంటుంది. అతిపెద్ద λ తో పోల్చి ఎక్కడ తెంచాలో ముందే నిర్ణయించుకోవాలి.

చిన్న మాత్రిక ఎప్పుడూ మంచిదేనని కూడా చెప్పకండి. AᵀA కడితే A సింగ్యులర్ విలువలన్నీ వర్గమైపోతాయి. వాటిలో అతిపెద్దది 1, చిన్నది 10⁻⁹ అయితే, చిన్నదాని వర్గం 10⁻¹⁸. దాదాపు 16 అంకెలు దాచుకునే డబుల్ ప్రిసిషన్‌లో అది గుండ్రింపు దోషంలో మునిగిపోతుంది. అంత చిన్న విలువలు కావలసినవాళ్లు లబ్ధం కట్టకుండా A మీదే నేరుగా సింగ్యులర్ విలువల విభజన నడపాలి. ముఖాల లెక్కకు అంత అవసరం రాదు, అక్కడ కావలసినవి పెద్ద విలువలే.