ఫోన్లో సగం చెప్పిన ఆర్డరు: ఐదు అనుభవ పాఠాలు

తణుకులో నాది పైపులూ ఫిట్టింగుల కొట్టు. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు ఫోన్ చేస్తే సరుకు ఆటోలో పంపిస్తాను. ముక్క చిన్నదే అయినా, తప్పు ముక్క వెళ్తే ఆటో కిరాయీ, ప్లంబరు కూలీ రెండూ దండగే. పైగా ఆ పూట ఇంట్లో నీళ్లుండవు. ఏం అడగాలో నాకు నేర్పింది అలాంటి ఫోన్లే. వాటిలో ఒకదాన్ని మొదటి నుంచీ చెబుతాను.

1. వస్తువు పేరు కన్నా ముందు, ఏమైందో అడగాలి.
ఒకమ్మాయి ఫోన్ చేసి, "బాబాయ్ గారూ, ముప్పావు ఎల్బో ఒకటి పంపించండి" అంది. "ఏమైందమ్మా, ఎక్కడ వెయ్యాలి?" అన్నాను. "గీజరు నుంచి వచ్చే పైపు చివర ట్యాపుంది కదండీ, ఆ వంపు దగ్గర పగిలి కారుతోంది" అంది. అంటే అది వేణ్ణీళ్ల లైను. తెల్లటి యూపీవీసీ చన్నీళ్లకే పనికొస్తుంది, గీజరు వేడికి మెత్తబడిపోతుంది. వేణ్ణీళ్లకు మీగడ రంగు సీపీవీసీ వాడాలి. రంగు అడిగితే మీగడ రంగే అని చెప్పింది. ఆ లైనుకు అతికించే గమ్ము కూడా సీపీవీసీదే వెళ్లాలి.

2. ఫిట్టింగుకు రెండు మూతులుంటాయి, రెండింటి సంగతీ అడగాలి.
"ఒక పక్క పైపు అతికించి ఉంది సరే, రెండో పక్క ట్యాపు ఎలా బిగించారు?" అన్నాను. "మరలున్నాయండీ, ట్యాపు లోపలికి తిరుగుతుంది" అంది. మామూలు ఎల్బోకి రెండు పక్కలా గమ్ముతో అతికించే మూతులే ఉంటాయి, దానికి ట్యాపు పట్టదు. ఆ చోట కావలసింది లోపల ఇత్తడి మరలున్న ఎల్బో. ఉత్తి ప్లాస్టిక్ మరల్లో లోహపు ట్యాపును గట్టిగా బిగిస్తే మూతి చీలుతుంది. అందుకే మరలు లోపలున్నాయా, బయటున్నాయా అన్నది ఎప్పుడూ అడుగుతాను. దూరం నుంచి తీసిన ఫొటోలో అది కనపడదు.

3. సైజు చెబితే, ఎక్కడ కొలిచారో అడగాలి.
"ముప్పావని ఎలా తెలిసిందమ్మా?" అంటే, ట్యాపు మర మీద టేపు పెడితే 21 మిల్లీమీటర్లు వచ్చిందట. ముప్పావు అంగుళమంటే 19 మిల్లీమీటర్లు కాబట్టి అదే అనుకుంది. అరంగుళం ట్యాపు మరని బయట నుంచి కొలిస్తే వచ్చేది 21 మిల్లీమీటర్లే. ముప్పావు మరైతే 26 దాటుతుంది. పైపు సంగతీ తేల్చాలి కదా, "పైపు చుట్టూ దారం చుట్టి, ఆ దారాన్ని స్కేలు మీద పెట్టమ్మా" అన్నాను. 5 సెంటీమీటర్లంది. సీపీవీసీలో అరంగుళం పైపు చుట్టుకొలత అంతే, ముప్పావైతే 7 వస్తుంది. రంగు తెలియకుండా ఈ దారం లెక్క నమ్మకూడదు. యూపీవీసీలో అరంగుళానికే చుట్టుకొలత దాదాపు 7 ఉంటుంది.

4. పాతది ఎలా ఊడుతుందో అడగాలి.
గమ్ముతో అతికించిన ఎల్బో విప్పితే ఊడదు, పైపు కోసి తీయాలి. కోస్తే పైపు ఆ మేరకు పొట్టిదవుతుంది. "గోడకీ ఎల్బోకీ మధ్య పైపు ఎంత కనిపిస్తోంది?" అని అడిగితే జానెడంది. కోసి అతకడానికి ఆ చోటు చాలు. ఎల్బోతో పాటు ఒక కప్లింగు, అడుగు పైపు ముక్క, చిన్న గమ్ము డబ్బా, ట్యాపు మరకి చుట్టే టెఫ్లాన్ టేపు రాసుకున్నాను. అదే పైపు గోడలోకి పూడి ఉంటే ఫోన్లో ఏదీ తేల్చకూడదు. టైలు పగలగొట్టాక, ప్లంబరు చేతిలో పాత ముక్క ఉన్నప్పుడే సరుకు పంపాలి.

5. కట్టే ముందు మొత్తం తిరిగి చెప్పాలి.
"సీపీవీసీ అరంగుళం ఇత్తడి మర ఎల్బో ఒకటి, అరంగుళం కప్లింగు ఒకటి, అడుగు పైపు, సీపీవీసీ గమ్ము, టేపు. ట్యాపు పాతదే వాడతారు, అంతేనా?" అని చదివాను. "ట్యాపు కూడా కారుతోందండీ" అందప్పుడు. అరంగుళం ట్యాపు ఒకటి చేర్చాను. ఇలా తిరిగి చెప్పినప్పుడు అవతలి వాళ్లకు తమ ఇల్లు కళ్ల ముందు మెదిలి, మరచిన వస్తువు గుర్తొస్తుంది. ఆఖరున ఒక మాట చెప్పి ఫోన్ పెట్టేశాను: "గమ్ము ఆరడానికి డబ్బా మీద రాసినంత సేపు ఆగి, ఆ తరవాతే గీజరు వెయ్యమ్మా."

కొత్తగా కొట్లో కూర్చునే పిల్లలకు నేను చెప్పేదొకటే. ఎల్బో, కప్లింగు లాంటి పేర్లు మనకు తెలిస్తే చాలు. కొనేవాళ్లను వాళ్ల కంటికి కనపడేదే అడగాలి: ఎక్కడ కారుతోంది, ఏ రంగు, మర లోపలా బయటా, దారం ఎంత పొడుగొచ్చింది. ఇవి ఇల్లు దాటని ముసలమ్మ కూడా చెప్పగలదు.