చెబితే చేసేవాణ్ణిగా!

మా బంధువుల్లో మొగుడూ పెళ్లాల తగవులు చివరికి నా దగ్గరికే వస్తాయి. ఒకప్పుడు వచ్చే ఫిర్యాదు ఒకటే: ఆయన ఇంట్లో పుల్ల తీసి ఇటు నుంచి అటు పెట్టడు. ఇప్పటి పిల్లల ఫిర్యాదు వేరు. “పని చేస్తాడు పెద్దమ్మా, కాదనను. కానీ ప్రతిదీ నేనే గుర్తుపెట్టుకుని చెప్పాలి.” అబ్బాయిని అడిగితే, “చెబితే చేసేవాణ్ణిగా!” అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇన్ని సంసారాలు చూశాక నాకు తెలిసింది ఇదీ.

1. చేతుల పని లెక్కకొస్తుంది, తలలో పని రాదు.

2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వేలో, ఇంటి పని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. అది వంట, అంట్లు, బట్టల లెక్క. పప్పు తాలింపు వేస్తూనే ‘రేపు బడిలో ఫీజుకు ఆఖరు రోజు’ అనుకోవడం అందులో వంట కిందకే పోతుంది.

అదే ఏడాది అమెరికాలో ఆలిసన్ డామింజర్ అనే సామాజిక శాస్త్రవేత్త 35 జంటలతో మాట్లాడి ఈ తలలో పనిని నాలుగు భాగాలు చేసింది. అవసరాన్ని ముందే పసిగట్టడం, దారులు వెతకడం, నిర్ణయించడం, అయిందో లేదో కనిపెట్టుకోవడం. నిర్ణయం దగ్గర ఇద్దరూ కూర్చుంటున్నారు. పసిగట్టడం, కనిపెట్టుకోవడం మాత్రం ఎక్కువగా భార్యకే పడుతున్నాయి. “అన్నీ కలిసే నిర్ణయించుకుంటాం కదా” అని భర్త అమాయకంగా ఆశ్చర్యపోవడం ఇందుకే. అతను కూర్చున్నది ఆ నాలుగింటిలో మూడోదాని దగ్గర.

2. ‘మాత్రలు నేనే తెస్తున్నాను’ అంటే మాత్రల పని చేసినట్టు కాదు.

మా చెల్లెలి కూతురిది హైదరాబాదు. ఇద్దరూ ఉద్యోగస్తులే. అత్తగారికి బీపీ, షుగర్, థైరాయిడ్. మాత్రలు తెచ్చేది మా అల్లుడే, నిజమే. మెడికల్ షాపులో నిలబడి ఫోన్ చేసేదీ అతనే: “థైరాయిడ్‌ది ఎంత పవర్? 25ఆ, 50ఆ?”

ఆ జవాబు ఆమె తలలో ఉండాలి. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేయాలి, ఆ తర్వాతే కాఫీ, టిఫిను. ఒక స్ట్రిప్పులో పది, ఇంకోదాంట్లో పదిహేను, థైరాయిడ్‌ది సీసా. అందుకని అన్నీ ఒకే రోజు అయిపోవు. మూడు నెలల షుగర్ పరీక్ష ఎప్పుడు చేయించాలి, డాక్టరు డోసు మారిస్తే పాత స్ట్రిప్పు డబ్బాలోంచి తీశారా లేదా, ఇవన్నీ ఆమెవే. షాపుకు వెళ్లి రావడం పావుగంట పని. మిగిలినదానికి సెలవు లేదు.

3. పనిని ముక్కలు చేయొద్దు, మొత్తంగా అప్పగించండి.

భార్య చీటీ రాసి భర్త చేతిలో పెడితే పని పంచుకున్నట్టు కాదు. ఆ చీటీ రాయడమే అసలు పని.

వాళ్లిద్దర్నీ ఒక ఆదివారం కూర్చోమన్నాను. ప్రిస్క్రిప్షన్లు, రిపోర్టులు ఒక ఫైల్లో పెట్టి అల్లుడికిచ్చారు. డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ నంబరు, ల్యాబ్ నంబరు అతని ఫోనులోకి మారాయి. రెండు షరతులు ఇద్దరూ ఒప్పుకున్నారు. ఒక్క పూట డోసు కూడా తప్పకూడదు. వారానికి సరిపడా మిగిలి ఉండగానే కొత్తవి రావాలి. ఏ షాపు, ఏ రోజు అనేది అతని ఇష్టం. ఆమె గుర్తుచేయదు.

మొదట్లోనే తడబడ్డాడు. బీపీవి తెచ్చాడు, షుగర్‌వి చూసుకోలేదు. రెండే మిగిలాయని అత్తగారు అలవాటుగా కోడల్ని అడిగారు. “మీ అబ్బాయినడగండి అత్తయ్యా” అనడానికి మా పిల్లకు నోరు రాలేదట, అయినా అంది. అల్లుడు ఆ రాత్రే స్కూటరు తీశాడు. తర్వాత తనకు తానే పద్ధతి మార్చుకున్నాడు: అన్నీ నెలకు సరిపడా ఒకేసారి తెచ్చి, వారం గళ్ల డబ్బాలో ఆదివారం సర్దడం. అది ఆమెకు ఎన్నడూ తోచని పద్ధతి.

పని చేతులు మారిందని నేను నమ్మింది మాత్రం ఇంకో రోజు. బీపీ మాత్ర మార్చాక తల్లి చీలమండల దగ్గర వాపు అతని కంట పడింది. కొన్ని బీపీ మాత్రలకు అలా వస్తుంది. అతనే డాక్టరుకు చూపించి, మందు మార్పించి, ఇంటికొచ్చి భార్యకు చెప్పాడు. గుర్తుచేయకుండా చేయడం ఒక మెట్టు. ఆమెకంటే ముందే గమనించడం ఆ పై మెట్టు.

4. మందుల్లాంటివి అప్పగించేటప్పుడు ఆ వారం నిల్వ తప్పనిసరి. మీకు ధైర్యం చాలకపోతే గ్యాస్ బుకింగుతో, పాల లెక్కతో మొదలుపెట్టండి. పొద్దున్నే కాఫీకి పాలు లేకపోతే ప్రాణం పోదు, పాఠం మాత్రం వస్తుంది.

5. అప్పగించాక వెనకాల నిలబడొద్దు. అతను సర్దిన పిల్లాడి బ్యాగును చాటుగా విప్పి మళ్లీ సర్దే తల్లులు నాకు చాలామంది తెలుసు. అలా చేస్తే కనిపెట్టుకునే పని మీ దగ్గరే ఉండిపోయినట్టు.

6. నింద ఎవరి మీద పడుతుందో పని వాళ్ల దగ్గరికే తిరిగొస్తుంది.

చదివింపుల పుస్తకం చూడండి. మన గృహప్రవేశానికి ఫలానా వాళ్లు 1,116 చదివించారు, వాళ్లమ్మాయి పెళ్లికి మనం అంతకు తగ్గకూడదు. ఏ మేనత్తకు ఫోన్ చేసి పిలవకపోతే అలుగుతుంది, ఏ బాబాయిని ఇంటికెళ్లి బొట్టుపెట్టి పిలవాలి, ఎవరికి చీర, ఎవరికి జాకెట్టు ముక్క. ఇవన్నీ కోడలి తలలోనే. భర్త తన మేనమామ షష్టిపూర్తి మరిచిపోయాడనుకోండి, “ఆ కోడలికి పట్టింపు లేదు” అంటారే గానీ అతన్ని ఒక్కరూ ఏమీ అనరు. ఆడవాళ్లు ఈ పని వదలలేకపోవడానికి కారణం ఈ మాటే, పెత్తనం మీద మోజు కాదు.

నా పద్ధతి ఎవరి వైపు వాళ్లది వాళ్లకే. అతని వాళ్ల పుట్టినరోజులు, పరామర్శలు, కానుకలు అతనివి. మాట వస్తే అతనే పడాలి. ఏ శుభకార్యానికి ఇద్దరూ వెళ్లాలి, దేనికి ఒకరు చాలు అన్నది నెల మొదట్లో కాఫీ తాగుతూ తేల్చుకోవచ్చు. గొడవ మధ్యలో మాత్రం ఈ లెక్కలు తీయకండి.

7. దూరం సాకు కాదు. దుబాయ్‌లో ఉన్న భర్త కూరలు తేలేడు, సరే. ఫీజు కట్టడం, బీమా ప్రీమియం, రైలు టికెట్లు, తల్లిదండ్రుల ఫోన్లు ఎక్కడినుంచైనా అవుతాయి. ఆఫీసులో ఒక్క గడువూ తప్పని మనిషి పిల్లల టీకా తేదీ మాత్రం ఎప్పుడూ మరిచిపోతుంటే అది మతిమరుపు కాదు. ఇంత చేసినా చేయనంటే, ఇక మాట్లాడాల్సింది పనుల జాబితా గురించి కాదు, అతని ఉద్దేశం గురించి.

8. ఇది నా వయసు వాళ్లకు. కొడుకు మాత్రల బాధ్యత తీసుకున్నాక కూడా మనం అలవాటుగా కోడలికే ఫోన్ చేస్తే, వాళ్లు కష్టపడి మార్చుకున్నది మన చేతుల్లోనే చెడిపోతుంది. మాత్రలు అయిపోయాయా, మోకాలు నొప్పా, పెళ్లిపిలుపు వచ్చిందా, మీ అబ్బాయికే ఫోన్ చేయండి. ఎత్తకపోతే మళ్లీ అతనికే చేయండి.