గది తలుపు మీద ఏమని వ్రాయాలి?

ఇంట్లో ఎవరికైనా ఆటలమ్మ పోస్తే గుమ్మానికి వేపమండలు కట్టడం మీరు చూసే ఉంటారు. మా కోడేరు చుట్టుపక్కల పల్లెల్లో అందరికీ తెలిసిన గుర్తే అది. ఆ మండల్ని చూడగానే వచ్చినవాళ్ళు గడప దగ్గరే ఆగి, బయటినుంచే పలకరించి వెళ్ళిపోతారు. ఒక్క అక్షరమైనా లేని నోటీసు అది! అయితే అది 'ఆగు' అని మాత్రమే చెబుతుంది. లోపలికి వెళ్ళక తప్పనివాళ్ళు ఏం చేసి వెళ్ళాలో, తిరిగి వచ్చేటప్పుడు ఏం చేయాలో చెప్పదు.

ఆసుపత్రిలో చిక్కంతా అక్కడే ఉంది. అంటువ్యాధి ఉన్న రోగిని వేరే గదిలో ఉంచినా, ఆ గదిలోకి నర్సు వెళ్ళాలి, ఊడ్చే మనిషి వెళ్ళాలి, అన్నం తీసుకొని ఇంటివాళ్ళు వెళ్ళాలి. అందుచేత ఆ తలుపు దగ్గరి నోటీసు మనుషుల్ని ఆపితే చాలదు, వాళ్ళచేత సరైన పనులు సరైన వరుసలో చేయించాలి.

హైదరాబాదు నల్లకుంటలో అంటువ్యాధులకు ఒక పెద్ద ఆసుపత్రి ఉంది. సర్ రొనాల్డ్ రాస్ పేరు పెట్టినా, ఫీవర్ హాస్పిటల్ అని పిలిచినా, పాతకాలం వాళ్ళకు మాత్రం అది 'కోరంటి దవాఖానా'యే. క్వారంటైన్ అనే మాట జనం నోట నలిగి కోరంటి అయింది. ఒక మాటకు అర్థం తెలియకపోయినా జనం దాన్ని తమకు వీలైనట్లు మార్చుకొని వాడుకుంటారన్న మాట. నోటీసు వ్రాసేవాళ్ళు దీన్ని గుర్తుంచుకోవాలి. 'ఐసొలేషన్', 'కాంటాక్ట్ ప్రికాషన్స్' అని తలుపు మీద వ్రాస్తే చదివినవాడు తనకు తోచిన అర్థం చెప్పుకుంటాడు. 'కాంటాక్ట్' అంటే ఫోను నంబరు అనుకునేవాళ్ళు లేరంటారా?

మరి ఏం వ్రాయాలి? ముందుగా వ్యాధి ఏ దారిన వ్యాపిస్తుందో చూడాలి. అమెరికాలోని సి.డి.సి. అనే ఆరోగ్య సంస్థ 1970లో ఆసుపత్రుల కోసం ఒక పద్ధతి తెచ్చింది. అందులో ఏడు రకాల జాగ్రత్తలు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క రంగు కార్డు ఉండేవి. ఏడింటిని గుర్తుపెట్టుకోవడం కష్టమే కదా! 1996లో తెచ్చిన పద్ధతిలో, ప్రతి రోగి దగ్గరా పాటించవలసిన మామూలు జాగ్రత్తలకు తోడుగా మూడే మిగిలాయి: తాకడం వల్ల వ్యాపించే వాటికి, దగ్గు తుంపరల వల్ల వ్యాపించే వాటికి, గాలిలో తేలుతూ వ్యాపించే వాటికి. తుంపరకూ గాలికీ మధ్య గీత అనుకున్నంత స్పష్టమైనది కాదని కోవిడ్ కాలంలో తేలింది. అయినా నోటీసు వ్రాయడానికి ఈ విభజన పనికివస్తుంది.

ఒక గదిలో ఊపిరితిత్తుల క్షయ ఉన్న రోగి ఉన్నాడనుకుందాం. దగ్గినప్పుడు వచ్చే అతి చిన్న తుంపరలు ఆరిపోయి, వాటిలోని క్షయ సూక్ష్మజీవులు గంటల తరబడి గాలిలో తేలుతుంటాయి. మంచాన్ని, కంచాన్ని తాకితే క్షయ అంటుకోదు. కనుక ఇక్కడ చేతితొడుగులు, గౌను అడగనక్కరలేదు. అక్కర్లేనివి అడిగితే జనం అక్కరైనదాన్ని కూడా లెక్కచేయరు. మామూలు గుడ్డ మాస్కు అంచుల పక్కనుంచి గాలి లోపలికి దూరుతుంది; ముఖానికి బిగుతుగా అతుక్కునే ఎన్-95 మాస్కు కావాలి. తలుపు తెరిచి ఉంటే గదిలోని గాలి నడవాలోకి వస్తుంది. అప్పుడు నోటీసు ఇలా ఉండవచ్చు:

ఆగండి
ముందు నర్సును కలవండి.
చేతులు శుభ్రం చేసుకోండి.
ఎన్-95 మాస్కు ఇక్కడే పెట్టుకోండి.
లోపలికి వెళ్ళగానే తలుపు మూయండి.
బయటికి వచ్చి, తలుపు మూసిన తరువాతే మాస్కు తీయండి.
మళ్ళీ చేతులు శుభ్రం చేసుకోండి.

ఐదవ వాక్యాన్ని మళ్ళీ చదవండి. చేతితొడుగులు, గౌను వాడే గదిలో వాటిని లోపలే విప్పి పారవేసి బయటికి రావాలి, ఎందుకంటే మురికి వాటి మీదే ఉంటుంది. ఎన్-95 సంగతి దీనికి తలకిందులు. ప్రమాదం గదిలోని గాలిలో ఉంది కాబట్టి, ఆ గాలిని దాటి వచ్చాకే దాన్ని తీయాలి. 'మాస్కు తీసివేయండి' అని మాత్రమే వ్రాస్తే సగంమంది లోపలే తీస్తారు. ఇందులోనే ఇంకొక సంగతి ఉంది: లోపల చేయవలసిన పనిని చెప్పే నోటీసు లోపలి వైపే ఉండాలి. బయట అంటిస్తే పని చేయవలసిన సమయానికి అది కనబడదు!

ఇక మన భాషకున్న ఒక గుణం చూడండి. తెలుగులో 'వద్దు' అనే అర్థం క్రియ చివరలో దాగి ఉంటుంది. 'తీయండి', 'తీయకండి' అనే మాటలకు తేడా ఒక్క 'క' మాత్రమే. కంగారులో, మసక వెలుతురులో ఆ 'క' కంటికి ఆనదు. 'లోపల మాస్కు తీయకండి' అన్న నోటీసును ఎవరైనా తప్పు చదివితే సరిగ్గా చేయకూడని పనే చేస్తారు. అందుకే చేయవలసిన పనిని చెప్పాలి. ఒక వాక్యంలో ఒకే పని. చదువురానివాళ్ళ కోసం ప్రతి వాక్యం పక్కన ఒక బొమ్మ. నోటీసును తలుపు రెక్కకే అంటిస్తే, తలుపు తెరుచుకున్నప్పుడు అది పక్కకు తిరిగిపోతుంది. గొళ్ళెం ఉన్న వైపు గోడ మీద, కంటి ఎత్తులో ఉంటే మేలు. దాని కిందే మాస్కుల పెట్టె ఉండాలి. 'ఇక్కడే పెట్టుకోండి' అని వ్రాసి, పెట్టె ఖాళీగా ఉంచితే ఆ నోటీసును రెండోరోజునుంచి ఎవరూ చదవరు.

పై నోటీసులో రోగి పేరుగాని, క్షయ అన్న మాటగాని లేవని గమనించారా? వచ్చినవాడు చేయవలసిన పనికి ఆ రెండూ అవసరం లేదు. వ్రాస్తే మాత్రం రోగికి నష్టమే. 2020లో కోవిడ్ సోకినవారి ఇళ్ళ తలుపులకు చాలాచోట్ల పోస్టర్లు అంటించారు. వాటివల్ల ఇరుగుపొరుగువాళ్ళు ఆ కుటుంబాలను అంటరానివాళ్ళుగా చూస్తున్నారన్న వాదన సుప్రీంకోర్టుకు చేరింది. విపత్తు నిర్వహణ చట్టం కింద తగిన అధికారి ఆదేశం ఉంటే తప్ప అలా అంటించనక్కరలేదని ఆ సంవత్సరం డిసెంబరు 9న కోర్టు చెప్పింది.

రోగి ఇంటికి వెళ్ళిపోయాక నోటీసును ఎప్పుడు తీయాలి? వెంటనే కాదు. గదిలోని గాలి గంటకు 12 సార్లు మారుతోందనుకోండి. అంటే 5 నిమిషాలకు ఒకసారి. అయితే 5 నిమిషాల్లో గాలి శుభ్రమవుతుందా? రంగునీళ్ళ బకెట్‌ను కుళాయి కింద పెట్టి, పొర్లిపోనిచ్చి చూడండి. బకెట్ నిండేటన్ని కొత్తనీళ్ళు పడినా రంగు పూర్తిగా పోదు, కొత్తనీరు పాతనీటితో కలిసిపోతుంది కాబట్టి. బాగా కలిసిపోతే వందలో 37 వంతుల రంగు మిగులుతుంది. రెండవసారికి 14, మూడవసారికి 5, నాలుగవసారికి 2, ఐదవసారికి ఒకటికన్నా తక్కువ. గాలి లెక్క కూడా ఇదే. నూటికి 99 వంతులు పోవడానికి 23 నిమిషాలు పడుతుంది. గాలి గంటకు రెండుసార్లే మారే గదిలో 138 నిమిషాలు! ఆ సమయం గడవకముందే నోటీసు తీసివేస్తే, ఊడ్చే మనిషి మాస్కు లేకుండా లోపలికి వెళుతుంది. కనుక రోగి వెళ్ళిన గంట, నిమిషం నోటీసు అడుగున పెన్సిలుతో వ్రాసి ఉంచాలి. లెక్క పూర్తయ్యాక మాత్రం మరచిపోకుండా తీసివేయాలి. ఖాళీ గదికి పాత నోటీసు వేలాడుతుంటే, రేపు నిజంగా రోగి ఉన్న గది దగ్గర కూడా జనం ఆగరు.