పారేసిన ఏసీ బోర్డుతో వేడిని బట్టి తిరిగే ఫ్యాన్

స్ప్లిట్ ఏసీ ఇండోర్ యూనిట్‌లోని బోర్డు పాడైతే మెకానిక్‌లు చాలాసార్లు బోర్డు మొత్తాన్నీ మార్చేస్తారు. కాలిపోయింది ఒకటి రెండు భాగాలే కావచ్చు; మిగతావి బాగానే ఉంటాయి. గది వేడిని పసిగట్టే థర్మిస్టర్, చాలా మోడళ్లలో రెండంకెల ఎల్ఈడీ డిస్‌ప్లే, రిలేలను నడిపే యూఎల్ఎన్2003 అనే 16 కాళ్ల చిప్ దాంట్లో దొరుకుతాయి. వీటికి పాత కంప్యూటర్ క్యాబినెట్‌లోని 12 వోల్టుల ఫ్యాన్, మూలన పడి ఉన్న 12 వోల్టుల రౌటర్ అడాప్టర్ తోడైతే చాలు. టీవీ అలమరలో ఉడికిపోయే రౌటర్‌ను, సెట్‌టాప్ బాక్సును చల్లబరిచే ఫ్యాన్ తయారవుతుంది. కొనాల్సింది ఒక ఆర్డునో నానో, కొన్ని రెసిస్టర్లు మాత్రమే.

బోర్డును మళ్లీ కరెంటుకు కలపవద్దు. దాని మీదుండే పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండే అవకాశం ఉంది. ముందు మల్టీమీటర్‌తో చూసి, వోల్టేజి సున్నాకు దగ్గరగా ఉంటేనే చెయ్యి పెట్టాలి. రాగి గొట్టాల జోలికి వెళ్లకండి, వాటిలో గ్యాస్ ఉంటుంది.

ఏరి తెచ్చిన భాగాలతో అసలు చిక్కు వాటి మీద ఏమీ రాసి ఉండకపోవడం. థర్మిస్టర్ సంగతే చూద్దాం. ఏసీల్లో 5, 10, 15, 20 కిలో ఓమ్‌ల రకాలు వస్తాయి. వేళ్ల మధ్య పట్టుకున్నప్పుడు నిరోధం తగ్గుతూ పోతే అది బతికే ఉన్నట్టు. విలువ కోసం ఇంట్లోని డిజిటల్ జ్వరం థర్మామీటరే సరిపోతుంది. థర్మిస్టర్‌ను పలుచని పాలిథిన్ సంచిలో చుట్టి, గోరువెచ్చని నీళ్లలో థర్మామీటర్ కొనతో పాటు ముంచండి. నీళ్లు 40 డిగ్రీల దగ్గర, తర్వాత 37 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు నిరోధం రాసుకోండి. ఈ థర్మామీటర్ చూసిన గరిష్ఠ విలువనే పట్టుకుని ఉంటుంది కనుక ప్రతిసారీ ఆపి, మళ్లీ ఆన్ చేయాలి.

ఒక థర్మిస్టర్‌కు 40 డిగ్రీల దగ్గర 5.3, 37 దగ్గర 6.0 కిలో ఓమ్‌లు వచ్చాయనుకుందాం. 5 వోల్టుల నుంచి 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, దాని తర్వాత థర్మిస్టర్, ఆపై గ్రౌండ్. రెండూ కలిసే చోటు నుంచి ఆర్డునో ఏ0 పిన్‌కు తీగ. అప్పుడు ఆర్డునో చదివే అంకె 1023 × 5.3 ÷ 15.3, అంటే 354. 37 డిగ్రీల దగ్గర 383. వేడి పెరిగితే అంకె తగ్గుతుంది. ఫ్యాన్‌ను 40 దగ్గర వేసి 37 దగ్గర ఆపుతాం. రెంటికీ ఒకే గీత పెడితే ఫ్యాన్ నిమిషానికి పదిసార్లు ఆగి వేస్తూ విసిగిస్తుంది.

ఫ్యాన్ తీగల రంగులను నమ్మవద్దు. మూడు తీగల ఫ్యాన్‌లో పసుపు తీగ వేగాన్ని తెలిపేది. నాలుగు తీగల దాంట్లో అదే పసుపు 12 వోల్టులది. ప్లగ్‌లో వరుస మాత్రం మారదు: మొదటిది గ్రౌండ్, రెండోది 12 వోల్టులు. ఫ్యాన్ పాజిటివ్‌ను అడాప్టర్‌కు, నెగటివ్‌ను చిప్ 16వ కాలికి కలపండి. చిప్ 8వ కాలు గ్రౌండ్‌కు, 9వది 12 వోల్టులకు, 1వది ఆర్డునో 9వ పిన్‌కు వెళ్తాయి. అడాప్టర్ గ్రౌండ్, ఆర్డునో గ్రౌండ్ ఒకటిగా కలవాలి. ఈ తీగ మరిచిపోతే ఏదీ పనిచేయదు.

డిస్‌ప్లే కాళ్లను కనుక్కోవడం ఒక ఆట. 5 వోల్టులకు 1 కిలో ఓమ్ రెసిస్టర్ కలిపి, ఆ కొసను ఒక కాలి మీద పెట్టి, గ్రౌండ్ తీగతో మిగతా వాటిని తాకండి. ఒక్కో కాలికి ఒక్కో గీత వెలిగితే మొదటి కాలే ఆ అంకె గీతలన్నిటికీ ఉమ్మడిది. ఏమీ వెలగకపోతే తీగలు తారుమారు చేసి చూడండి. నానోకు కలిపేటప్పుడు ప్రతి గీతకూ 1 కిలో ఓమ్ రెసిస్టర్ ఉండాలి.

ఫ్యాన్ ప్రోగ్రాంలో ముఖ్యమైన వరుసలు ఇవి. 9వ పిన్‌ను ముందే అవుట్‌పుట్‌గా పెట్టుకోవాలి.

```
int v = analogRead(A0);
if (v < 354 || v > 1000)
  digitalWrite(9, HIGH);
else if (v > 383)
  digitalWrite(9, LOW);
```

1000 ఎందుకు? థర్మిస్టర్ తీగ తెగితే అంకె 1023కు చేరుతుంది. ఆ షరతు లేకపోతే ప్రోగ్రాం దాన్ని విపరీతమైన చలిగా లెక్కించి ఫ్యాన్ ఆపేస్తుంది. లోపల పెట్టె మాత్రం కాలిపోతుంటుంది. మన థర్మిస్టర్ మంచు నీళ్లలో కూడా 800 దాటదు కాబట్టి 1000 పైన వచ్చిందంటే అది తెగిన తీగే. అలమరలో బిగించే ముందు థర్మిస్టర్ తీగను ఊడదీసి చూడండి: ఫ్యాన్ వెంటనే తిరగాలి.